ఉదయగిరి దుర్గపు ముట్టడి - పూర్వపరిశోధన సమీక్షను వ్రాయు విధానము

నెల్లూరు మండలపు పడమటి భాగమున, కడప సరిహద్దు కొండలను ఆనుకొని, ఉదయగిరి దుర్గము కలదు. సాళువ నరసింహుని కాలమున గజపతుల వశమైన యీ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు తిరిగి గ్రహించిన వృత్తాంతము బడిపిల్లలకును తెలిసినదే. ఏడాదిన్నర ముట్టడి జరిగెననియు, 1514 జూన్ 9న దుర్గము పడెననియు పాఠ్యపుస్తకములు చెప్పుచుండును. ఈ రెండు మాటలును ఎచ్చటినుండి వచ్చినవి, వానిని చెప్పిన గ్రంథకర్తలు తమంతట చూచి చెప్పిరా లేక ఒకరినుండి యొకరు గ్రహించిరా యని అడిగినచో పట్టపరీక్షకు పై తరగతులలో చరిత్రము చదువు విద్యార్థి తరచుగా నిరుత్తరుడగును. వాని సిద్ధాంతవ్యాసపు మొదటి ప్రకరణమున నుండవలసిన పూర్వపరిశోధన సమీక్ష యీ ప్రశ్నకు సమాధానమే. అందుచేత ఆ సమీక్షను నేర్పుటకు ఉదయగిరి ముట్టడికంటె అనువైన యుదాహరణము ఆ మండలమున దొరకుట అరుదు.

సమీక్ష యనగా చదివిన పుస్తకముల జాబితా యని పెక్కుమంది భావింతురు. అట్టివారి వ్రాత యిట్లుండును: “పోర్చుగీసు వర్తకుడగు నూనిజ్ ఉదయగిరి ముట్టడిని వర్ణించెను. స్యూయెల్ 1900లో విజయనగర చరిత్రమును వ్రాసెను. తరువాతి చరిత్రకారులు ఏడాదిన్నర ముట్టడి జరిగెనని చెప్పిరి. తిరుమల శాసనములందును ఉదయగిరి ప్రస్తావన కలదు.” ఇందు అసత్యమేదియు లేదు. కాని ప్రతివాక్యమును ఒక్కొక్క గ్రంథముతో మొదలై అచ్చటనే ముగియుచున్నది. ఈ నాలుగు వాక్యముల వరుసను మార్చి చదివినను అర్థమునకు లోపము రాదు. ఇదియే దోషమును కనిపెట్టుటకు సులభమైన పరీక్ష. వాక్యములను తారుమారు చేసినను చెడని వ్రాతలో వాదము లేదు. వాదము లేనిచోట సమీక్షయు లేదు.

ప్రాచీనకావ్యములను పరిష్కరించు పండితులకు ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. పది తాళపత్ర ప్రతులందు ఒకే పాఠము కనబడినను, ఆ పదియు ఒకే మాతృకనుండి పుట్టినవని తేలినచో, సాక్ష్యము పది కాదు, ఒకటియే. చరిత్రగ్రంథముల విషయమునను ఈ న్యాయమే చెల్లును. ఏడాదిన్నర యను మాట అయిదు గ్రంథములలో కనబడినంతమాత్రమున దానికి అయిదుగురు సాక్షులు లేరు. వారందరును నూనిజ్ వ్రాతనే ఆధారము చేసికొన్నచో సాక్షి యొక్కడే. పూర్వపరిశోధన సమీక్షలో మొట్టమొదట తేల్చవలసినది యీ సాక్షుల లెక్క. దీనిని తేల్చుటకు ఉపయోగించు సాధనమే సమన్వయపట్టిక.

పట్టికను గీయుటకు ముందు ప్రశ్నను స్థిరపరచవలెను. ఉదయగిరి చరిత్రము అనునది ప్రశ్న కాదు. ముట్టడి ఎంతకాలము జరిగెను, దుర్గము ఎప్పుడు పడెను, ఎట్లు పడెను, ఎవరు చిక్కిరి అనునవి ప్రశ్నలు. పిదప ప్రతిగ్రంథమునకును ఒక చీటి వ్రాసికొనవలెను. అందు గ్రంథకర్త పేరు, గ్రంథము వెలువడిన యేడు, పుటసంఖ్య, ఆ గ్రంథకర్త చెప్పిన మాట, ఆ మాటకు అతడు చూపిన ఆధారము ఉండవలెను. కడపటి యంశమును విద్యార్థులు సాధారణముగా విడుతురు. దానిని విడిచినచో తరువాతి పని యంతయు వ్యర్థమగును. చీటీలు సిద్ధమైన పిమ్మట వానిని పట్టికలోనికి ఎక్కింపవలెను. పట్టిక రూపమిది:

| ప్రశ్న | మొదటి గ్రంథము (వ్రాసిన యేడు, ముద్రణము) | రెండవ గ్రంథము | మూడవ గ్రంథము | అడ్డముగా చదువగా తేలినది |
|---|---|---|---|---|
| ఎంతకాలము? | | | | |
| ఎప్పుడు? | | | | |
| ఎట్లు? | | | | |
| ఎవరు చిక్కిరి? | | | | |
| ఈ గ్రంథకర్తకు ఆధారమేమి? | | | | |

ఇందు నిలువు వరుస ఒక గ్రంథమునకు, అడ్డు వరుస ఒక ప్రశ్నకు చెందును. నింపునపుడు నిలువుగా నింపవలెను. వ్రాయునపుడు అడ్డముగా చదువవలెను. జాబితావంటి సమీక్ష పుట్టుటకు కారణము నిలువుగా నింపినదానిని నిలువుగానే చదివి వ్రాయుట.

గడులలో కొన్ని ఖాళీగా మిగులును. ఖాళీ యంతయు నొకతీరు కాదు. గ్రంథమును ఇంకను చూడకపోవుట యొకటి, చూడగా అందు ఆ సంగతి లేకపోవుట మరొకటి, శాసనమున అక్షరములు చెడి తెలియకపోవుట వేరొకటి. మొదటిదానికి “చూడవలెను” అనియు, రెండవదానికి “మాట లేదు” అనియు, మూడవదానికి “శిథిలము” అనియు వ్రాయుట మేలు. మనుచరిత్రమున రాయల విజయములను చెప్పుచోట ఉదయాద్రి మొదట వచ్చును, కాని ముట్టడి కాలపరిమాణము అందు లేదు. అది “మాట లేదు” అను గడి. పెద్దన యేడాదిన్నరను ఎరుగడనియు, కాదనెననియు దానినిబట్టి చెప్పరాదు. స్తుతిపద్యమున లెక్కలు ఉండవలెనను నియమము లేదు గదా.

ఇక గ్రంథముల సంగతి. నూనిజ్ విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు. అతని వ్రాత సుమారు 1535 నాటిది. అనగా ముట్టడి ముగిసిన యిరువదియేండ్లకు వినికిడిచే వ్రాసినది. దానిని డేవిడ్ లోపెస్ 1897లో పోర్చుగీసు భాషలో ప్రకటించెను. స్యూయెల్ 1900లో దానిని ఆంగ్లీకరించి తన విజయనగర చరిత్రమున చేర్చెను. నూనిజ్ చెప్పిన కథనుబట్టి రాయలు ముప్పదినాలుగువేల కాల్బలముతోను, ఎనిమిదివందల యేనుగులతోను వచ్చెను. దుర్గమున పదివేల కాల్బలమును, నాలుగువందల గుఱ్ఱములును ఉండెను. ఒక్కొక్కడుగా మాత్రమే పోదగిన యిరుకుదారి తప్ప వేరుదారి లేకుండెను. రాయలు ఏడాదిన్నర ముట్టడించి, బండలను పగులగొట్టించి, వెడల్పైన దారులు చేయించి, బలముచే దుర్గమును గ్రహించెను. ఒక విశేషము కలదు. ఆకలిచే మాడ్చిననే తప్ప యీ దుర్గము లొంగదని చెప్పిన నూనిజే, కడపట అది ఆయుధబలముచే పడెనని చెప్పుచున్నాడు. ఈ రెండును ఒకే గడిలో నుండవలసిన మాటలు. ఒకదానిని మాత్రము ఎత్తికొనుట సాక్షి నోటిని సగము మూయుట.

తిరుమల శాసనములు దీనికి భిన్నమైన సాక్ష్యము. అవి సమకాలికములు. రాయల కాలపు శాసనములు దేవస్థానమువారి శాసనసంపుటములలో మూడవదిగా 1935లో ముద్రితమైనవి. వానినిబట్టి రాయల తిరుమల దర్శనములు 1513 ఫిబ్రవరి 10, మే 2, జూన్ 13 తేదీలకు చెందినవి. తరువాతి దర్శనము 1514 జూలై 6. ఈ కడపటి శాసనము ప్రతాపరుద్రగజపతిని కొండవీటి దనుక తరిమి, ఉదయగిరిని గ్రహించి మరలివచ్చుచు రాయలు స్వామిని సేవించెనని తెలుపును. ఉదయగిరి ఎన్ని నెలలు నిలిచెనో యీ శాసనములు చెప్పవు. కాని రాజు ఏ తేదీన ఎచ్చట నుండెనో చెప్పును. ఆ లెక్క చాల ఉపయోగపడును.

తేదీల మార్పునందు ఒక జాగ్రత్త అవసరము. శకవర్షమునకు 78 కలిపినచో క్రీస్తుసంవత్సరము వచ్చునని విద్యార్థులు నేర్చియుందురు. ఉగాది మొదలు డిసెంబరు దనుక అది సరియే. జనవరి మొదలు ఉగాది దనుక గల దినములకు 79 కలుపవలెను. కావున 1513 ఫిబ్రవరి 10 శకము 1434 ఆంగీరస సంవత్సరమున పడును. అదే యేటి మే 2, జూన్ 13 తేదీలు శకము 1435 శ్రీముఖమున పడును. 1514 జూలై 6 శకము 1436 భావసంవత్సరమునకు చెందును. శకవర్షమును మాత్రము చూచి, మాసమును చూడక మార్చినచో ఒక యేడు తప్పుట నిశ్చయము. చరిత్రగ్రంథములలో ఒకే సంఘటనకు ఒక యేటి తేడా కనబడినపుడు మొదట అనుమానింపవలసినది యీ మార్పునే.

స్యూయెల్ ఈ దండయాత్రను 1513లో నుంచెను. రాయలు ఉదయగిరినుండి కృష్ణవిగ్రహమును తెచ్చి విజయనగరమున ప్రతిష్ఠించిన సంగతిని తెలుపు హంపీ శాసనమును అతడు పేర్కొనెను. తరువాతి చరిత్రకారులు దుర్గపతనమును 1514 జూన్ 9న నుంచి, ఆ విగ్రహప్రతిష్ఠను 1515 ఫిబ్రవరికి చేర్చుచున్నారు. ఇచ్చట స్యూయెల్ తప్పుచేసెనని వ్రాసి ఊరకుండుట విద్యార్థికి సులభము. కాని అది న్యాయము కాదు. 1900లో వ్రాసినవానికి 1935లో వెలువడిన సంపుటము చేతనుండదు. పట్టిక తలకట్టున గ్రంథము వెలువడిన యేటిని వ్రాయుమనుట యిందుకే. ఎవరు ఏమి చెప్పిరో తెలియుటతోపాటు, చెప్పునాటికి వారికి ఏమి తెలియుటకు అవకాశముండెనో కూడ తెలియవలెను.

ఈ గ్రంథములతో నింపిన పట్టిక యిది:

| ప్రశ్న | నూనిజ్ (సుమారు 1535, ముద్రణము 1897) | తిరుమల శాసనములు (1513-14, ముద్రణము 1935) | స్యూయెల్ (1900) | తరువాతి చరిత్రగ్రంథములు | ఉదయగిరి, ఆత్మకూరు శాసనములు (ముద్రణము 1905) |
|---|---|---|---|---|---|
| ఎంతకాలము? | ఏడాదిన్నర | మాట లేదు; 1513లో మూడు దర్శనములు | నూనిజ్ మాట | ఏడాదిన్నర | చూడవలెను |
| ఎప్పుడు? | తేది లేదు | 1514 జూలై 6కు ముందు | దండయాత్ర 1513 | 1514 జూన్ 9 | చూడవలెను |
| ఎట్లు? | దారులు చేసి, బలముచే | గ్రహించుట మాత్రము | నూనిజ్ మాట | నూనిజ్ మాట | చూడవలెను |
| ఎవరు చిక్కిరి? | గజపతి బంధువగు స్త్రీ | చూడవలెను | నూనిజ్ మాట | తిరుమల రాహుత్తరాయడు | చూడవలెను |
| ఆధారమేమి? | వినికిడి | సమకాలిక లేఖనము | నూనిజ్, హంపీ శాసనము | నూనిజ్, శాసనములు | సమకాలిక లేఖనము |

నాలుగవ ప్రశ్న దగ్గర భాషాంతరీకరణపు చిక్కొకటి కలదు. దుర్గమున చిక్కిన స్త్రీని స్యూయెల్ ఆంగ్లానువాదము గజపతికి ఆంటు అగునని చెప్పును. ఆ ఆంగ్లపదము పెద్దతల్లికిని, పినతల్లికిని, మేనత్తకును చెల్లును. తెలుగున వ్రాయువాడు ఈ మూటిలో ఒకదానిని ఎన్నుకొన్న తక్షణమే మూలమున లేని సంగతిని చేర్చినవాడగును. తరువాత నాతని పుస్తకమును చూచినవారు “మేనత్త” అని వ్రాయుదురు, అది ప్రత్యేకసాక్ష్యమువలె కనబడును. కావున గడిలో “తల్లికో తండ్రికో తోబుట్టువు, లేక తత్సమానురాలు” అని వ్రాసికొనవలెను. చోటు చాలనిచో “బంధువగు స్త్రీ” అనవలెను. తిరుమల రాహుత్తరాయనికిని గజపతికిని గల బంధుత్వమును చెప్పు ఆంగ్లపదమునందును ఇదే జాగ్రత్త కావలెను. రాయల శాసనములు పట్టుపడినవానిగా రాహుత్తరాయని పేర్కొనును. నూనిజ్ స్త్రీని పేర్కొనెను. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కానక్కరలేదు. ఇద్దరును చిక్కియుండవచ్చును. ఒకరిని చెప్పినవాడు రెండవవారిని కాదనలేదని గమనింపవలెను.

ఇపుడు మొదటి అడ్డు వరుసను చదువుదురుగాక. ఏడాదిన్నర యను మాట మూడు గడులలో కలదు. అడుగున నున్న ఆధారపు వరుసతో కలిపి చూడగా ఆ మూడును నూనిజ్ ఒక్కనివే యగును. 1514 జూన్ 9నుండి పదునెనిమిది నెలలు వెనుకకు లెక్కించినచో ముట్టడి 1512 డిసెంబరులో మొదలై యుండవలెను. ఆ నడుమ, 1513లో, రాయలు ముమ్మారు తిరుమలను సేవించినట్లు శాసనములు చెప్పుచున్నవి. 1513 జూన్ 13నుండి 1514 జూన్ 9 దనుక నాలుగు దినములు తక్కువగా ఒక యేడు. దర్శనములు రాజు స్వయముగా చేసినవే యని గ్రహించినచో, అతడు దుర్గమును విడువక ఎదుట నిలిచిన కాలము ఒక యేటికి మించుటకు వీలులేదు.

ఇంతమాత్రమున నూనిజ్ మాట తప్పనుటయు తొందరపాటే. తిరుమల ఉదయగిరికి సూటిగా దక్షిణమున, రేఖామార్గమున సుమారు 130 కిలోమీటర్ల దూరముననే కలదు. సైన్యమును దండనాయకులకు ఒప్పగించి రాజు కొలది దినములలో పోయి మరలుట అసాధ్యము కాదు. కావున ముట్టడి యేడాదిన్నర జరిగియుండవచ్చును. రాజు మాత్రము ఏడాదిన్నర అచ్చట కూర్చుండలేదు. లేదా నూనిజ్ వినినది మొత్తము దండయాత్ర కాలమైనను కావచ్చును. పట్టిక యీ వికల్పములలో ఒకదానిని నిర్ణయింపదు. ఎచ్చటికి వచ్చి ఆగవలెనో చూపును.

దీనినిబట్టి వ్రాసిన సమీక్షాఖండిక యిట్లుండును:

“ఉదయగిరి ముట్టడి ఏడాదిన్నర సాగెనను అభిప్రాయము చరిత్రగ్రంథములలో వ్యాపించియున్నను దానికి మూలము నూనిజ్ వ్రాత యొక్కటియే, స్యూయెల్ మొదలగువారు దానినే అనుసరించిరి. ఆ వ్రాత ముట్టడికి ఇరువదియేండ్ల తరువాతిది. సమకాలికములగు తిరుమల శాసనములు ముట్టడి పరిమాణమును చెప్పకున్నను, 1513 ఫిబ్రవరి, మే, జూన్ నెలలలో రాయల దర్శనములను తెలుపుటచే, రాజు ఏడాదిన్నర దుర్గము నెదుట ఎడతెగక నిలిచెనను భావమునకు అడ్డు తగులుచున్నవి. ముట్టడి రాజు లేనపుడును సాగినదని గ్రహించినచో రెండు సాక్ష్యములకును పొత్తు కుదురును. దుర్గము 1514 జూలై 6 నాటికి రాయల వశమైనదనుట శాసనసిద్ధము. కావున స్యూయెల్ నిర్దేశించిన 1513 దండయాత్ర ఆరంభమునకు చెల్లవచ్చును గాని పతనమునకు చెల్లదు. ముట్టడి ఆరంభమును నిర్ణయించుటకు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల స్థానికశాసనములలో గజపతి పేరు ఎప్పుడు ఆగి రాయల పేరు ఎప్పుడు మొదలైనదో పరిశీలింపవలసి యున్నది.”

ఈ ఖండికలో ఏ వాక్యమును స్థానము మార్చుటకు వీలులేదు. గ్రంథకర్తల పేర్లు ఉన్నవి, కాని వాక్యములను నడిపించునవి ప్రశ్నలు. ఏకీభావము, దాని బలము, విరోధము, సమన్వయము, నిర్ణీతము, మిగిలిన పని అను క్రమమున వాదము నడచుచున్నది. మన శాస్త్రగ్రంథములలోని పూర్వపక్షసిద్ధాంతములతో దీనికి పోలిక కలదు గాని ఒక భేదమును బోధకుడు చెప్పవలెను. పూర్వపక్షము ఖండింపబడుటకే నిలుపబడును. సమీక్షలో పూర్వుల మాటను నిలుపుట ఖండించుటకు కాదు. అది ఎంతవరకు నిలుచునో కొలుచుటకు.

కడపటి నిలువు వరుసలో నిలిచిన “చూడవలెను” అను మాటలే విద్యార్థి పరిశోధనకు ప్రారంభస్థానము. బటర్వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు మండల శాసనములు తాలూకాల వారీగా కూర్పబడినవి. ఉదయగిరిని గూర్చి వ్రాయువాడు ఉదయగిరి విభాగమును మాత్రము తిరుగవేసి ముగించుట సామాన్యముగా జరుగు లోపము. ఉదయగిరి రాజ్యమనునది నేటి ఊరికంటెను, నాటి తాలూకాకంటెను విశాలమైన పాలనాభాగము. అందుచేత ఆగ్నేయముగా పెన్న దిక్కున నున్న ఆత్మకూరు విభాగమును కూడ చదువవలెను. ఒక పల్లెలో దానము చేసినవాడు ఏ రాజు పేరు చెప్పి దానము చేసెనో, ఏ తేదీన చేసెనో చూచినచో కొండమీది దుర్గము పడకముందే క్రిందిసీమ చేతులు మారినదా లేదా యనునది తెలియుటకు అవకాశము కలదు. రాజు పేరు చెప్పని శాసనమును “మాట లేదు” అను గడిలోను, చెడినదానిని “శిథిలము” అను గడిలోను ఉంచవలెను, ఊహతో పూరింపరాదు. ఆ రెండు విభాగముల తేదీలను పట్టికలో ఎక్కించి, 1512 డిసెంబరునకును 1514 జూలైకిని నడుమ నున్నవానిని వేరుచేసినచో, ఏడాదిన్నరను గూర్చి నూనిజ్ కంటె వేరగు సాక్షి కలడో లేడో తేలును.